బుల్‌బుల్, గులాబీ, మధువు: హాఫిజ్‌ను ఎలా చదివితే మేలు?

ఒక బుల్‌బుల్ ముక్కున గులాబీ రేకు కరుచుకుని ఏడుస్తోంది. కోరుకున్నది దక్కాక ఇంకా ఈ ఏడుపేమిటని కవి అడిగాడు. "నా ప్రియం తన అందాన్ని చూపిన తీరే నన్నీ పనిలో పెట్టింది" అంది పిట్ట.

ఇరాన్‌లోని షిరాజ్ నగరపు కవి హాఫిజ్ రాసిన ఒక గజల్ ఇలా మొదలవుతుంది. ఆయన 14వ శతాబ్దపు మనిషి, 1390 ప్రాంతంలో కన్నుమూశాడు. ఈ నాలుగు పాదాలు చదవగానే ఎవరికైనా వచ్చే సందేహం ఒకటే. ఆ గులాబీ ఎవరు? దేవుడా, మనిషా, రాజా? ఈ సందేహం పారశీక కవిత్వమంత పాతది. దీనికి మూడు జవాబులున్నాయి, మూడింటినీ గట్టిగా పట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

ముందు ఆ పిట్ట సంగతి. ఇరాన్ బుల్‌బుల్ మన పెరట్లో తిరిగే పిగిలిపిట్ట కాదు. పేరు ఒకటే, పక్షి వేరు. ఇంగ్లీషువాళ్లు నైటింగేల్ అనేది దాన్నే. చూడటానికి మట్టిరంగులో సాదాగా ఉంటుంది, కానీ వసంతంలో రాత్రంతా పాడుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కడ గులాబీ విచ్చుకుంటుంది. పూలకాలం దాటేసరికి పాటా ఆగిపోతుంది. అంటే ఈ పోలికను కవులు గాలిలోంచి పుట్టించలేదు, తోటలో కళ్లారా చూశారు. పైగా పారశీకంలో "గుల్" అంటే పువ్వు, గులాబీ కూడా. పువ్వు అనగానే గులాబీయే గుర్తుకొచ్చే భాష అది.

ఇక మొదటి జవాబు సూఫీలది. వారి లెక్కలో బుల్‌బుల్ జీవుడు, గులాబీ దైవసౌందర్యం, మధువు ఒళ్లు మరిపించే దైవానుభవం, పాత్ర నింపే సాకీ గురువు, పానశాల అహం కూలిపోయే చోటు. ఇవన్నీ తర్వాతివాళ్లు అతికించిన అర్థాలని కొట్టిపారేయడానికి లేదు. హాఫిజ్ పుట్టే నాటికే ఈ పద్ధతి బాగా స్థిరపడింది. తబ్రీజ్ దగ్గరి షబిస్తరీ 1317లో "గుల్షనె రాజ్" అనే చిన్న కావ్యం రాశాడు. హెరాత్ నుంచి ఒక పెద్దమనిషి పంపిన ప్రశ్నలకు జవాబులు అందులో ఉన్నాయి. కన్ను, పెదవి, కురులు, మధువు, దీపం అని మీరు పాడుతుంటారే, వాటి అర్థమేమిటన్నదీ ఆ ప్రశ్నల్లో ఉంది. కురులు ముఖాన్ని కప్పినట్టు ఈ నానాత్వం ఆ ఏకత్వాన్ని కప్పుతోందని షబిస్తరీ ఒక్కొక్క మాటే విప్పుకుంటూ వెళ్లాడు. షిరాజ్‌లోనే, హాఫిజ్‌కు నూరేళ్ల పైచిలుకు ముందు, రూజ్‌బిహాన్ బక్లీ అనే సూఫీ దైవాన్ని ఎర్రగులాబీల రూపంలో దర్శించానని రాసుకున్నాడు. ఆ ఊళ్లో గులాబీ అన్న మాట వట్టి పువ్వుగా మిగిలిపోలేదు.

కానీ సూఫీలందరూ బుల్‌బుల్‌ను మెచ్చుకోలేదు. ఇక్కడే నిఘంటువు పద్ధతి మొదటిసారి తడబడుతుంది. నీషాపూర్ కవి అత్తార్ 12వ శతాబ్దంలో రాసిన పక్షుల కథలో పక్షులన్నీ తమ రాజైన సీముర్గ్‌ను వెతుకుతూ బయలుదేరతాయి. బుల్‌బుల్ మాత్రం రానంటుంది, నాకు గులాబీ ప్రేమ చాలంటుంది. దారి చూపే కూకుడుగువ్వ దాన్ని మందలిస్తుంది. ఆ పువ్వు ప్రతి వసంతంలోనూ నిన్ను చూసి నవ్వేది ప్రేమతో కాదు, నాలుగు రోజుల్లో రాలిపోయేదాన్ని పట్టుకుని పెద్ద ప్రయాణం మానుకుంటావా అని అడుగుతుంది. ఆ వెంటనే ఒక కథ చెబుతుంది. రాకుమారి ఒక దర్వేషును చూసి నవ్వింది. ఆ నవ్వునే నమ్ముకుని అతడు ఏడేళ్లు ఆమె వీధిలో కుక్కల మధ్య బతికాడు. చివరికి అడిగితే, నీ తెలివితక్కువతనానికి నవ్వానంది. ఇక్కడ గులాబీ దైవం కాదు, దైవానికి అడ్డు. ఇద్దరు కవుల చేతుల్లో ఒకే పువ్వు ఎదురెదురు అర్థాలనిచ్చింది. "గులాబీ అంటే దైవం" అని పట్టిక రాసుకుని చదివేవారు అత్తార్ దగ్గరే ఆగిపోతారు.

రెండో జవాబు లౌకికులది. మధువంటే ద్రాక్షసారా, ప్రియమంటే ప్రియమే. మన తెలుగువాళ్లకు ఈ చదువు బాగా అలవాటు. ఉమర్ ఖయ్యాం పద్యాలు ముందు ఇంగ్లీషులోంచి, తర్వాత దువ్వూరి రామిరెడ్డి నేరుగా పారశీకం నుంచి తెచ్చిన "పానశాల" ద్వారా మన ఇళ్లలోకి వచ్చాయి. దాంతో పారశీక కవి అనగానే చెట్టు నీడ, మధుపాత్ర, పక్కన ప్రియురాలు గుర్తుకొస్తాయి. ఈ చదువును తేలిక చేయనక్కర్లేదు, ఒక్కోచోట ఇదొక్కటే నిలబడుతుంది. ముబారిజుద్దీన్ అనే పాలకుడు 1353లో షిరాజ్‌ను పట్టుకుని పానశాలలు మూయించాడు. జనం అతన్ని "ముహ్తసిబ్" అని వెక్కిరించారట. వీధుల్లో తిరుగుతూ తాగుబోతులను పట్టుకునే నీతి అధికారికి అది పేరు. హాఫిజ్ అంటాడు: మధువు ఆనందమిస్తుంది, గాలి పూలు చల్లుతోంది, నిజమే, కానీ వీణ మోగిస్తూ తాగకు, ముహ్తసిబ్ గట్టివాడు. రెండు పాదాల తర్వాత, అతుకుల అంగరఖా చేతిలో గిన్నె దాచుకో, కూజా కంటిలాగే ఈ కాలమూ రక్తం కారుస్తోంది అంటాడు. ఈ గిన్నెలో దైవానుభవాన్ని పోస్తే పద్యం చచ్చిపోతుంది. భయం నిజమైనది, అధికారి నిజమైనవాడు, దాచిన గిన్నెలో ఉన్నదీ నిజమైన మధువే.

అయినా ఇదే కవి ఇంకోచోట, రాత్రి దేవదూతలు పానశాల తలుపు తట్టడం చూశాను, ఆదాము మట్టిని పిసికి మధుపాత్రగా పోతపోశారు అంటాడు. ఆకాశం మోయలేకపోయిన అప్పగింత బరువుకు చీటీ వేస్తే, అది పిచ్చివాడినైన నా పేరున పడింది అంటాడు. ఆకాశాలూ భూమీ కొండలూ మోయలేమన్న బరువును మనిషి ఎత్తుకున్నాడని ఖురాన్‌లో ఉంది. ఆ మాటే ఇది. ఈ పానశాలను షిరాజ్ సందుల్లో వెతకడం కుదరదు.

మూడో జవాబు గురించి మన దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడరు. గులాబీ అంటే రాజు, బుల్‌బుల్ అంటే కవి. ఆ కాలపు కవి దర్బారు మీద ఆధారపడి బతికేవాడు. ప్రియం కరుణించడం, ముఖం చాటేయడం, గుమ్మం దగ్గర నిలబెట్టడం, ఇవన్నీ ప్రభువు దగ్గర కవికి జరిగేవే. ముబారిజుద్దీన్‌ను 1358లో కొడుకు షా షుజాయే గద్దె దించి కళ్లు తీయించాడు. పానశాలలు మళ్లీ తెరుచుకున్నాయి. అప్పుడు హాఫిజ్, తెల్లవారుజామున అదృశ్యవాణి నా చెవిన శుభవార్త వేసింది, ఇది షా షుజా కాలం, ధైర్యంగా మధువు తాగు అని పాడాడు. రాజు పేరు పద్యంలోనే ఉంది. అయితే ప్రతి గులాబీ వెనకా ఒక రాజును వెతకడం మొదలుపెడితే ప్రేమ మొత్తం జీతం అర్జీగా మారిపోతుంది. నాకు మూడింటిలో ఇదే ఇరుకుగా కనిపిస్తుంది. కానీ దీన్ని పక్కనపెడితే కొన్ని పాదాలు అర్థం కావు.

మనకు ఇంకొక చిక్కుంది. పారశీకంలో లింగభేదం లేదు. "ఊ" అంటే అతడు, ఆమె, అది, ఏదైనా. ప్రియం చెంప మీద నూగుగడ్డం మొలిచిందని చెప్పే పాదాలు ఎన్నో ఉన్నాయి. అవి ఆడపిల్లవి కావు. తెలుగులోకి తెచ్చేటప్పుడు "ఆమె" అని రాసిన క్షణంలోనే రాజునూ దేవుణ్ణీ గడప బయట నిలబెట్టేశాం. "ఆయన" అంటే ప్రియురాలు పోయింది. అందుకే నేను "ప్రియం" అంటూ వస్తున్నాను. కొంచెం ఎబ్బెట్టుగా ఉంటే ఉండనీ, ఏ తలుపూ మూయకుండా ఉంటుంది. క్షేత్రయ్య పదం పాడేటప్పుడు మువ్వగోపాలుడు దేవుడా విటుడా అని తేల్చకుండానే అభినయం పట్టిన మనకు ఈ మాత్రం ఓపిక కొత్తదేమీ కాదు.

మరి ఏది మేలు? మాటను చూడకుండా దాని పక్కనున్నవాళ్లను చూడటమే నేను నేర్చుకున్న పద్ధతి. మధువు పక్కన ముహ్తసిబ్ ఉంటే అది సారాయే. పక్కన దేవదూతలూ, సృష్టికి ముందటి రోజూ ఉంటే అది వేరే మధువు. రాజు పేరుంటే దర్బారు. ముగ్గురూ ఒకే పద్యంలో ఉంటే ముగ్గురినీ ఉండనివ్వాలి, ఒకరికోసం ఇద్దరిని తరిమేయకూడదు. గజల్‌లో ప్రతి రెండు పాదాలూ దాదాపు ఒక పూర్తి పద్యం. హాఫిజ్ రాతప్రతుల్లో ఈ జంటల వరుస కూడా మారుతుంటుంది. కాబట్టి మొదటి జంటలో దొరికిన అర్థాన్ని చివరిదాకా లాక్కుపోవాలన్న నియమం లేదు.

ఇప్పుడు మన బుల్‌బుల్ దగ్గరికి వద్దాం.

"బుల్‌బులీ బర్గె గులీ ఖుష్‌రంగ్ దర్ మిన్‌కార్ దాశ్త్". ఇందులో "బర్గ్" అంటే రేకు. రెండో పాదంలో "బర్గ్ ఒ నవా" అంటాడు. ఆ జంటమాటకు సంపద, సరంజామా అని అర్థం. విడిగా "నవా" అంటే రాగం. అంటే పిట్టకు రేకూ ఉంది, రాగమూ ఉంది, కలిపితే అన్నీ అమరిన ఐశ్వర్యవంతురాలు. అయినా ఏడుస్తోంది. తెలుగులో ఈ శ్లేష నిలవదు. అది పోతే ఏడుపులోని వింత సగం పోతుంది. కలయికలోనూ దుఃఖం ఎందుకన్న ప్రశ్నకు లౌకిక ప్రేమ కూడా జవాబు చెప్పగలదు. దక్కినదాన్ని పోగొట్టుకుంటామన్న భయం ప్రేమించినవాళ్లకు తెలుసు. ఇక్కడిదాకా సూఫీ అవసరం లేదు.

కొంత ముందుకు పోతే, ప్రియం మన పక్కన కూర్చోలేదని తప్పుపట్టడానికి లేదు, కోరినవన్నీ దక్కిన రాజు, బిచ్చగాడి పక్కన కూర్చోవడం నామోషీ అంటాడు. దర్బారు వచ్చేసింది. ఇంకొంచెం ముందుకు వెళ్తే, ప్రేమదారిలో శిష్యుడివైతే చెడ్డపేరుకు జంకకు, షేక్ సనాన్ తన సన్యాసి అంగీని సారాకొట్టులో తాకట్టు పెట్టాడు అంటాడు. ఆ షేకు అత్తార్ పక్షుల కథలోనివాడే. క్రైస్తవ పిల్లను ప్రేమించి, మధువు తాగి, పందులు కాచి, తిరిగి దారికొచ్చిన పెద్ద గురువు. బుల్‌బుల్‌ను మందలించిన పుస్తకంలోంచే హాఫిజ్ బుల్‌బుల్ తరఫున సాక్షిని పిలుచుకొచ్చాడు. ఈ జంట తెలిశాక మొదటి జంటలోని రేకు మళ్లీ రంగు మారుతుంది. ఆ ప్రేమ రాలిపోయే పువ్వు దగ్గర మొదలైనా అక్కడే ఆగాల్సిన పనిలేదు.

ఇక చివరి జంట. అప్సరసలాంటి ఆ ప్రియం మేడ చూరు కింద నిలబడిన హాఫిజ్ కన్ను "కింద నదులు ప్రవహించే వనాలు" లాగా ఉందట. ఆ మాటలు మాత్రం అరబ్బీలో ఉంటాయి, స్వర్గాన్ని వర్ణిస్తూ ఖురాన్‌లో పదేపదే వచ్చే మాటలు అవి. ఖురాన్ మొత్తం కంఠస్థం చేసినవాడినే "హాఫిజ్" అంటారు. అలాంటివాడు ఎవరిదో మేడ కింద నిలబడి, స్వర్గానికి చెప్పిన మాటలు తెచ్చి తన కన్నీటికి పెట్టుకున్నాడు.