షార్జా నుంచి హుండీలో పైసలు పంపాను, మెట్‌పల్లిలో మా ఆవిడ ఖాతా ఆగిపోయింది: జాగ్రత్త అన్నలారా

దుబాయ్, షార్జా, అజ్మాన్‌లలో పనిచేసే మనోళ్లందరి కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా క్యాంపుల్లో ఉండే తమ్ముళ్లు పూర్తిగా చదవండి. నెల మొదట్లో జీతం పడగానే రూముకే వచ్చి "ఎక్స్ఛేంజ్ కన్నా ఎక్కువ రేటు ఇస్తా, ఫీజు లేదు, పది నిమిషాల్లో ఇంట్లో పడతాయి" అనే మనిషి మీకూ తెలిసే ఉంటాడు. ఇలా పంపడాన్నే హుండీ, హవాలా అంటారు. నేను అతన్ని నమ్మాను. మా పక్క రూమువాళ్లు ఆరు నెలలుగా అతని ద్వారానే పంపుతున్నారు, వాళ్లకేమీ కాలేదు. నేను నమ్మడానికి అదొక్కటే కారణం.

ఆ రోజు లెక్క చెబుతాను. నేను పంపాల్సింది 3,000 దిర్హాలు. దిర్హం విలువ 1997 నుంచి డాలరుకు 3.6725గా కట్టేసి ఉంది కాబట్టి, డాలరు రేటును దానితో భాగిస్తే దిర్హం అసలు రేటు వచ్చేస్తుంది. ఆ రోజు డాలరు 85.20 రూపాయలు, అంటే దిర్హం 23.20. ఇది పెద్ద బ్యాంకులు తమలో తాము కొనుక్కునే రేటు, మనకు ఎవరూ ఇవ్వరు. ఎక్స్ఛేంజ్ కౌంటర్లో 23.05 ఇస్తున్నారు, ఫీజు 20 దిర్హాలు, దాని మీద 5 శాతం వ్యాట్ 1 దిర్హం. చేతిలో ఉన్న 3,000లో 21 పోగా 2,979 దిర్హాలకు ఇంట్లో పడేది 68,666 రూపాయలు. నా జీతం పడే బ్యాంకు యాప్‌లో "ఫీజు సున్నా" అని పెద్ద అక్షరాలతో ఉంది కానీ రేటు 22.80. దాంట్లో పంపితే 68,400. అంటే ఫీజు లేని చోటే తక్కువ వస్తోంది. ఫీజును వాళ్లు రేటులో కలిపేశారు. అందుకే కౌంటర్లో నేను రేటు అడగను, "3,000 ఇస్తే ఖాతాలో ఎన్ని రూపాయలు పడతాయి" అనే అడుగుతాను. ఇంకొకటి, ఫీజు ఎంత పంపినా దాదాపు అంతే ఉంటుంది. 500 దిర్హాలు పంపినా 21 పోతే నూటికి 4 పైనే పోయినట్టు, 3,000 మీద అయితే నూటికి ఒకటి కూడా కాదు. చిన్న చిన్నగా పంపడం కన్నా నెలకోసారి పంపడం నయం.

ఇక రూముకొచ్చిన మనిషి రేటు 23.45. మొత్తం 70,350 రూపాయలు, ఎక్స్ఛేంజ్ కన్నా 1,684 ఎక్కువ. నేను అక్కడే ఆగి ఆలోచించాల్సింది. బ్యాంకులకే 23.20కి దొరికే దిర్హాన్ని ఇతను నా దగ్గర 23.45కి ఎందుకు కొంటున్నాడు? నష్టానికి ఎవరూ వ్యాపారం చేయరు కదా. బజారు రేటు కన్నా పైన ఇస్తున్నాడంటే, ఇండియాలో ఎవరికో లెక్కల్లో చూపించలేని రూపాయలు ఉన్నాయి, వాటిని దిర్హాలుగా మార్చుకోవడానికి నాలుగు పైసలు ఎక్కువైనా ఇస్తున్నారన్నమాట. నా జీతం దిర్హాలు షార్జాలోనే వాళ్ల చేతికి పోతాయి. మా ఇంట్లో పడేవి వాళ్ల రూపాయలు. నా పైసలు సముద్రం దాటనే దాటవు.

దిర్హాలు ఇచ్చిన గంటలో మా ఆవిడ ఖాతాలో 25,000, మళ్లీ 25,000, ఆ తర్వాత 20,350 పడ్డాయి. మూడూ మేము ఎన్నడూ వినని మూడు పేర్ల నుంచి. నేను సంతోషపడ్డాను. తొమ్మిదో రోజు పిల్లల స్కూలు ఫీజు కట్టడానికి ఏటీఎంకు పోతే పైసలు రాలేదు. బ్యాంకులో అడిగితే, వేరే రాష్ట్రం సైబర్ పోలీసుల నుంచి ఆర్డరు వచ్చింది, ఖాతా ఫ్రీజ్ చేశామన్నారు. నేను పంపిన 70 వేలే కాదు, అంతకుముందు దాచుకున్నవి కూడా ఆగిపోయాయి. మహిళా సంఘం కిస్తీ ఆ ఖాతా నుంచే పోతుంది, అదీ ఆగింది.

జరిగింది ఏమిటంటే, ఆ రాష్ట్రంలో ఒకాయన ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోగొట్టుకుని సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేశాడు. అలా ఫిర్యాదు పడగానే ఆ డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు పోయిందో వెంటబడి చూస్తారు, దారిలో తగిలిన ఖాతాలను ఆపేస్తారు. దొంగలకు ఆ రూపాయలు తొందరగా వదిలించుకోవాలి, హుండీ వాళ్లకు మన ఇళ్లకు పంపడానికి రూపాయలు కావాలి. ఇద్దరూ కలిసిన చోట మా ఆవిడ ఖాతా ఉంది. ఎవరో పెద్దాయన పోగొట్టుకున్న సొమ్ము నా జీతం పేరుతో మా ఇంటికి వచ్చింది.

అసలు చిక్కు ఆ తర్వాతే. "ఈ పంపినవాళ్లతో మీకేం లావాదేవీ?" అని పోలీసులు మా ఆవిడను రాతపూర్వకంగా అడిగారు. నిజం చెప్పాలంటే, మా ఆయన షార్జాలో దిర్హాలు ఇచ్చాడు, దానికి బదులు ఇక్కడ రూపాయలు వచ్చాయి అని చెప్పాలి. లైసెన్సు ఉన్న సంస్థ ద్వారా కాకుండా, విదేశంలో ఉన్న మనిషి తరఫున ఇండియాలో పైసలు తీసుకోవడం విదేశీ మారక ద్రవ్య చట్టం ఫెమా మూడో సెక్షన్ ప్రకారం తప్పు. జరిమానా ఆ మొత్తానికి మూడింతల దాకా వేయొచ్చు. చెప్తే ఒక తప్పు, చెప్పకపోతే దొంగసొమ్ము తీసుకున్నామన్న అనుమానం. నా దగ్గర రసీదు లేదు, వాట్సాప్‌లో "డన్" అన్న ఒక్క మాట తప్ప. ఆ మనిషి నంబరు మూడో రోజు నుంచే కలవడం లేదు.

అతను నాకు ఒక కాగితం కూడా చూపించాడు, ఇక్కడి సెంట్రల్ బ్యాంకులో హవాలా కింద రిజిస్టర్ అయ్యానని. అలాంటి రిజిస్ట్రేషన్ యూఏఈలో నిజంగానే ఉంది. కానీ అది ఇక్కడి చట్టం. ఇండియా వైపు హవాలా చెల్లదు, కాగితం అసలైనదే అయినా మన ఇంటి ఖాతాను అది కాపాడదు. "ఎక్స్ఛేంజ్‌లో పంపితే ట్యాక్స్ పడుతుంది" అని కూడా చాలామందిని భయపెడుతున్నారు. మనం ఎన్నారైలం, ఇక్కడ సంపాదించిన జీతానికి అక్కడ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, ఇంటి ఖర్చులకు పంపితే భార్యకూ తల్లిదండ్రులకూ పడదు.

ఎక్స్ఛేంజ్‌కు పోయినా రసీదు చూసుకోండి. రేటు, ఫీజు, వ్యాట్, రిఫరెన్స్ నంబరు, ఇంటివాళ్ల పేరు, ఖాతా నంబరు అన్నీ దాని మీద ఉండాలి. సంస్థకు లైసెన్సు ఉందో లేదో యూఏఈ సెంట్రల్ బ్యాంకు వెబ్‌సైటులో పేరు కొట్టి చూడొచ్చు. పైసలు పడ్డాక ఇంట్లో స్టేట్‌మెంట్ చూడమనండి. అందులో సంస్థ పేరో, అది పనిచేసే బ్యాంకు పేరో ఉండాలి. తెలియని మనిషి పేరు కనిపిస్తే, లేదా ఒకే మొత్తం ముక్కలుగా పడితే, దుకాణం ఎంత పెద్దదైనా మళ్లీ అక్కడికి పోకండి.

ఇప్పటికే ఖాతా ఆగిపోయినవాళ్లు బ్యాంకులో ముందు ఫిర్యాదు నంబరు, ఏ పోలీస్ స్టేషనో రాయించుకోండి. "ఖాతా ఓపెన్ చేయిస్తా, పది వేలు పంపు" అని ఫోన్ చేసేవాళ్లను నమ్మకండి, మా ఆవిడకు అలాంటి ఫోన్లు రెండు వచ్చాయి. మేము వకీలును పట్టుకుని, నా జీతం స్లిప్పులు, అంతకుముందు రెండేళ్ల ఎక్స్ఛేంజ్ రసీదులు జతచేసి, జరిగింది జరిగినట్టు రాసి ఆ స్టేషనుకు పంపాం. వివాదంలో ఉన్న మొత్తం మాత్రం ఆపి మిగతాది వదలమని అడిగాం. నాలుగు నెలల తర్వాత మిగతాది వదిలారు. ఆ 70,350 ఇంకా అక్కడే ఉంది. పిల్లల ఫీజు మా బావమరిది దగ్గర అప్పు తెచ్చి కట్టాం.

మా పక్క రూమువాళ్లకు ఇదంతా చెప్పాను. ఇద్దరు మానేశారు, ఒకడు ఇంకా వేరే మనిషి ద్వారా పంపుతూనే ఉన్నాడు. వాళ్ల ఇంటి ఖాతా కూడా ఒక్కటే, అదీ వాళ్ల అమ్మ పింఛను పడే ఖాతా.