ఇల్లు కట్టించేవాళ్లకు చెప్పాలా, తోటి ఇంజనీర్లకు నేర్పాలా? సివిల్ ఇంజనీర్ చానెల్‌కు ఏది మేలు

సొంతంగా ప్రాక్టీసు పెట్టుకున్న స్ట్రక్చరల్ ఇంజనీరు యూట్యూబ్ చానెల్ మొదలుపెడితే ముందు తేల్చుకోవాల్సింది కెమెరా సంగతి కాదు. ఎదురుగా కూర్చున్నది ఎవరన్నది తేల్చుకోవాలి. నూట యాభై గజాల్లో ఇల్లు కట్టించుకుంటున్న మనిషి ఒక రకం శ్రోత. డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్న కుర్ర ఇంజనీరు ఇంకో రకం. ఇద్దరికీ ఒకే చానెల్‌లో చెప్పబోతే, స్లాబు సందేహంతో వచ్చి సబ్‌స్క్రయిబ్ చేసిన ఇంటాయనకు వచ్చే వారం ఈట్యాబ్స్ పాఠం కనిపిస్తుంది. ఆయన దాన్ని తెరవడు. నాలుగుసార్లు అలా జరిగితే చానెల్ పేరు కూడా మరిచిపోతాడు.

తోటి ఇంజనీర్లకు నేర్పే దారిలో అంశాలకు కొరత ఉండదు. జీ ప్లస్ టూ ఇంటి మోడల్ వేయడం, లోడ్లు ఇవ్వడం, డ్రాయింగులో ఊచల వివరాలు చూపడం, అన్నీ స్క్రీన్ రికార్డింగుతో అయిపోతాయి. ఓబీఎస్ స్టూడియో ఉచితం, సైటుకు వెళ్లే పని లేదు. ముప్పై నలభై నిమిషాల వీడియో అయినా నేర్చుకోవాలని వచ్చినవాడు చివరిదాకా చూస్తాడు. ఇక్కడ తరచూ జరిగే తప్పు ఒకటుంది. పెద్ద మానిటర్ మీద రికార్డు చేసిన మెనూలు ఫోన్‌లో చదవడానికి వీలుకాదు. రికార్డు చేసేముందు విండోను చిన్నది చేసి అక్షరాలు పెంచాలి, నొక్కే ప్రతి బటన్ దగ్గర జూమ్ చేయాలి. ఈ దారిలో వచ్చే ఫలితం ఎక్కువగా సహచరులే: డ్రాయింగులు పంచుకుని చేసే ఇంజనీర్లు, త్రీడీ చేసేవాళ్లు, ఉద్యోగం అడిగే విద్యార్థులు. ఇల్లు కట్టించే మనిషి మాత్రం రాడు. ఈట్యాబ్స్ అన్న మాట ఆయన ఎప్పుడూ వెతకడు.

ఆయన వెతికేది వేరు. ‘వెయ్యి చదరపు అడుగుల స్లాబుకు సిమెంటు ఎన్ని బస్తాలు’, ‘పిల్లర్‌కు ఎన్ని ఊచలు’, ‘స్లాబు వేశాక నీళ్లు ఎన్ని రోజులు పట్టాలి’. ఈ అంశాలను కూర్చుని ఊహించనక్కర్లేదు. ఒక నెలపాటు ఫోన్‌లో, సైటులో క్లయింట్లు అడిగిన ప్రశ్నను వాళ్లన్న మాటల్లోనే నోటు పుస్తకంలో రాసుకోండి. రెండుసార్లకు మించి వచ్చిన ప్రతి ప్రశ్నా ఒక వీడియో. శీర్షికలో కూడా ఆ మాటలే ఉండాలి. ‘ఉపబలనం’ అని ఎవరూ టైపు చేయరు, ‘స్టీల్’ అనో ‘ఇనుము’ అనో అంటారు. చాలామంది తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో కొడతారు కాబట్టి వివరణ పెట్టెలో అదే ప్రశ్నను ఆ రూపంలో కూడా ఒకసారి రాయడం మంచిది.

సిమెంటు బస్తాల వీడియోనే తీసుకుందాం. మొదటి అర నిమిషంలోనే జవాబు చెప్పేయాలి: ఐదంగుళాల మందం, ఎం20 కాంక్రీటు అయితే సుమారు 95 బస్తాలు. తర్వాత లెక్క చూపాలి. వెయ్యి చదరపు అడుగులను ఐదంగుళాల మందంతో గుణిస్తే దాదాపు 417 ఘనపుటడుగులు, అంటే 11.8 ఘనపు మీటర్లు. 1:1.5:3 పాళ్లలో ఘనపు మీటరుకు ఎనిమిది బస్తాలు పడతాయి. ఆపైన ఈ లెక్కలో లేనిదేమిటో చెప్పాలి: బీములు వేరు, వృథా వేరు. అసలైన పాఠం ఆ తర్వాత వస్తుంది. మిక్సర్ దగ్గర బస్తాకు 25 లీటర్ల నీళ్లు అని లెక్క పెట్టుకుని, జారుడుగా ఉంటే పని తేలికని మేస్త్రీ ఇంకో బకెట్ పోస్తే, బస్తాలు సరిగ్గా వేసినా బలం తగ్గుతుంది. ఇదంతా ఏడెనిమిది నిమిషాల్లో సరిపోతుంది. సిమెంటు ధర మాత్రం వీడియోలో చెప్పకండి. పరిమాణం మారదు, ధర మారుతుంది. ధరను పిన్ చేసిన కామెంటులో పెడితే ఎప్పుడైనా సరిచేయొచ్చు, వీడియో పాతబడదు.

అంతా ఉచితంగా చెప్పేస్తే మనల్ని ఎవరు పిలుస్తారన్న భయం చాలామందికి ఉంది. పునాది విషయంలో దానికి జవాబు దొరుకుతుంది. నల్లరేగడి నేల ఎందుకు ఉబ్బుతుందో, మట్టి పరీక్షలో ఏం చూస్తారో, పునాది లోతు దేన్నిబట్టి తేలుస్తారో పూర్తిగా చెప్పండి. ‘అందరూ ఐదడుగులు తవ్వండి’ అని మాత్రం చెప్పకండి. అది తప్పు, ప్రమాదం కూడా. తన స్థలానికి ఎంత లోతు అన్నది చూసినవాడికి మిగిలే ప్రశ్న. ఆ ప్రశ్నతోనే ఫోన్ చేస్తాడు, మీరు ఫీజు తీసుకునేది ఆ పనికే.

సొంత ఊళ్లో పని కావాలనుకునేవాళ్లకు ఇంటివాళ్ల దారే మేలని నా నిశ్చయం. సహచరులు ఆ దారిలోనూ వస్తారు. పిల్లర్ల స్థానాల మీద ఒక ఆర్కిటెక్టుతో కలిసి సైటులో వీడియో చేస్తే, ఆయన క్లయింట్లు మిమ్మల్నీ మీ క్లయింట్లు ఆయన్నీ చూస్తారు. డిజైన్ పని ఊరూరా తిరగకుండా ఆఫీసులోనే చేస్తూ, బయటి ఇంజనీర్ల నుంచి పని తీసుకునేవాళ్లకైతే తోటి ఇంజనీర్లకు నేర్పే దారి సరిపోతుంది.

షార్ట్స్ సంగతి తొందరగా తేల్చేయొచ్చు. వీక్షణలు ఎక్కువే వస్తాయి గాని, చూసినవాడు ఏ జిల్లావాడో, ఇల్లు కడుతున్నాడో లేదో మన చేతిలో ఉండదు. షార్ట్ వివరణలో పెట్టిన లింకు నొక్కడానికి పనిచేయదు కూడా. కవర్ బ్లాకు ఎలా పెట్టాలో చూపే నలభై సెకన్ల ముక్క చేసి, దానికి పెద్ద వీడియోను సంబంధిత వీడియోగా జతచేయడం వరకే షార్ట్స్‌ను వాడుకోవాలి.

వారానికొకటా, పదిహేను రోజులకొకటా? సైటు పని చేస్తున్నవాళ్లకు వారానికొకటి ఆరో వారం దాటదు. స్లాబు రోజు వచ్చిందంటే ఎడిటింగ్ ఆగుతుంది. పదిహేను రోజులకొకటి పెట్టుకుని, ఒక్క స్లాబు నుంచే నాలుగు తీయండి: సెంట్రింగ్ తనిఖీ, ఇనుము తనిఖీ, కాంక్రీటు పోయడం, క్యూరింగ్. రెండు నెలలకు సరిపడా సరుకు అదే. క్యూరింగ్ వీడియోలో మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, పీపీసీ లాంటి బ్లెండెడ్ సిమెంటుకు పది రోజులన్న ఐఎస్ 456 మాట తప్పక చెప్పాలి, ఇప్పుడు ఇళ్లకు ఎక్కువగా వాడుతున్నది పీపీసీయే. ఇనుము తనిఖీని మిక్సర్ మొదలవకముందే తీసేయాలి. అది తిరగడం మొదలైతే కాలర్ మైకు పెట్టినా మాట వినబడదు. ఇంటి యజమాని అనుమతి ముందే తీసుకోండి, ఇంటి నంబరు, వీధి బోర్డు ఫ్రేములోకి రానివ్వకండి.

పది వీడియోల తర్వాత చూడాల్సింది సబ్‌స్క్రయిబర్ల సంఖ్య కాదు. యూట్యూబ్ స్టూడియోలో ట్రాఫిక్ సోర్సుల కింద `YouTube search` తెరిస్తే జనం ఏ మాటలు కొట్టి మీ దగ్గరికి వచ్చారో కనిపిస్తుంది. అవి నోటు పుస్తకంలోని ప్రశ్నలను పోలి ఉంటే దారి సరైనదే. అక్కడ ‘ఈట్యాబ్స్’, ‘ఇంటర్వ్యూ ప్రశ్నలు’ కనిపిస్తున్నాయంటే చానెల్ ఇంటివాళ్ల దగ్గరికి కాక విద్యార్థుల దగ్గరికి వెళుతోంది. అప్పుడు ఆ రకం వీడియోలకు వేరే చానెల్ తెరవండి. ఫోన్ చేసిన ప్రతివాడినీ ‘ఏ వీడియో చూశారు, మీ స్థలం ఎక్కడ?’ అని అడిగి ప్రశ్నల పక్కనే రాసుకోండి. ఏ వీడియో నుంచి సైటు వచ్చిందో స్టూడియో చెప్పదు, ఆ పుస్తకమే చెబుతుంది.