టూ స్పీడ్ హాయిస్టా, వీఎఫ్‌డీనా? తేల్చేది బ్రేకే

కొత్త క్రేన్ కొనేవాళ్లూ పాతదాన్ని మార్పించుకునేవాళ్లూ నన్ను అడిగేది ఒకటే. హాయిస్టుకు టూ స్పీడ్ మోటారు సరిపోతుందా, హెర్ట్జ్ మార్చి మోటారు స్పీడును మార్చే వీఎఫ్‌డీ డ్రైవ్ పెట్టించాలా? మొన్న మా షెడ్డులో 5 టన్నుల ఈవోటీ క్రేనుకు ఆ సంగతి నేనే తేల్చాల్సి వచ్చింది. వీఎఫ్‌డీ పెట్టించాను. మొదటి వారం మాత్రం ఎందుకు పెట్టించానురా అనుకున్నాను.

అందరూ చూసేది స్పీడే. మా పాత టూ స్పీడ్ మోటారులో హుక్కు ఫాస్టులో నిమిషానికి 6 మీటర్లు, స్లోలో 1.5 మీటర్లు నడిచేది. అంటే స్లోలో కూడా సెకనుకు రెండున్నర సెంటీమీటర్లు. మెషీన్ బెడ్డు మీద జాబ్ కూర్చోబెట్టేటప్పుడు అది ఎక్కువే. వీఎఫ్‌డీలో దాన్ని సెకనుకు ఒక సెంటీమీటరుకు దించాం. ఇంతవరకూ వాదనే లేదు. నా లెక్కలో అసలు తేడా బ్రేకు దగ్గరుంది.

టూ స్పీడ్‌లో మోటారుకు కరెంటు అందినప్పుడే బ్రేకు కాయిల్‌కూ అందుతుంది. మోటారుకు ఫుల్ వోల్టేజీ వస్తుంది కాబట్టి బ్రేకు లేచేసరికి టార్క్ సిద్ధంగా ఉంటుంది. సెట్ చేయాల్సిందేమీ లేదు. చిక్కంతా ఆపేటప్పుడే. బటన్ వదిలాక బ్రేకు పట్టడానికి 0.3 సెకన్లు పట్టిందనుకోండి, ఫాస్టులో దిగుతున్న లోడు ఆలోపే 3 సెంటీమీటర్లు జారుతుంది. మోటారు వదిలేసింది కాబట్టి వేగం పుంజుకుని ఇంకాస్త కూడా. డీసీ బ్రేకు ఉన్నచోట ఒక వైరింగ్ సంగతి చూడండి. కాంటాక్టు రెక్టిఫయర్‌కు ముందు ఏసీ వైపు మాత్రమే తెగితే, కాయిల్‌లోని కరెంటు రెక్టిఫయర్ గుండానే తిరుగుతూ మెల్లగా చస్తుంది. డీసీ వైపు కూడా తెగితే బ్రేకు ఎన్నో రెట్లు త్వరగా పడుతుంది. 'లైనర్లు మార్చినా లోడు జారుతోంది' అన్నచోట నేను ముందు చూసేది ఇదే.

వీఎఫ్‌డీలో లోడును మోటారే ఆపుతుంది, బ్రేకు ఆగినదాన్ని పట్టుకుంటుంది, అంతే. లైనర్లు చాలాకాలం వస్తాయి. కానీ డ్రైవ్ జీరో నుంచి మొదలవుతుంది కాబట్టి టార్క్ రావడానికి కాస్త టైము కావాలి. మాకు వచ్చిన తంటా అదే. 4 టన్నుల జాబ్ గాల్లో ఉండగా అప్ బటన్ నొక్కితే, అది ముందు రెండు వేళ్ల మందం కిందికి దిగి ఆ తర్వాత లేచేది. చూస్తే డ్రైవ్ మొదలవగానే కలిసే 'రన్' రిలే నుంచే బ్రేకుకు సప్లై ఇచ్చారు.

మోటారు 1440 ఆర్పీఎం. లోపలి ఫీల్డు తిరిగే 1500కు 60 తక్కువ, అంటే 4 శాతం స్లిప్. 50 హెర్ట్జ్‌లో అది 2 హెర్ట్జ్. ఫుల్ లోడును నిలబెట్టాలంటే డ్రైవ్ కనీసం అక్కడికి చేరాలి. రిలేను బ్రేక్ రిలీజ్‌కు మార్చి, 2 హెర్ట్జ్ దాటి, కరెంటు కూడా వచ్చాకే బ్రేకు తెరిచేలా పెట్టాం. జంకి మొదట 4 హెర్ట్జ్ పెట్టాను. మోటారు మూసిన బ్రేకుతో పెనుగులాడి మూలిగింది, డ్రమ్ము వేడెక్కింది. ఆపేటప్పుడు 2 దగ్గర బ్రేకు మూసి, అది పట్టేదాకా 0.4 సెకన్లు డ్రైవ్ టార్క్ వదలకుండా పెట్టాం. జారుడు పోయింది. బ్రేకు కాయిల్‌ను మాత్రం డ్రైవ్ అవుట్‌పుట్‌కు కలపొద్దు. దానికి విడి సప్లై, విడి కాంటాక్టరు ఉండాలి.

పై లిమిట్ దగ్గర కూడా ఇదే తేడా. 6 మీటర్ల స్పీడులో 2 సెకన్ల ర్యాంపుతో ఆగితే, లిమిట్ తగిలాక హుక్కు ఇంకో 10 సెంటీమీటర్లు పోతుంది. అందుకే రోటరీ లిమిట్‌లో మొదటి కాంటాక్టు అరమీటరు కిందే స్లోలోకి దించాలి, రెండోది ఆపాలి. హుక్కు పైకొచ్చి వేలాడే బరువును ఎత్తితే తెగే ఆఖరి వెయిట్ లిమిట్‌ను డ్రైవ్ ఇన్‌పుట్‌కు ఇచ్చి చేతులు దులుపుకునేవాళ్లున్నారు. అది మెయిన్ కాంటాక్టరునే పడేయాలి, బ్రేకు వెంటనే పడాలి.

ఓవర్‌లోడ్ సంగతిలో రెండూ ఒకటే. థర్మల్ రిలే మోటారును కాపాడుతుంది, రోప్‌ను కాదు. రోప్ డెడ్ ఎండ్ దగ్గర లోడ్ సెల్ పెట్టి, 110 శాతం దాటితే అప్ మాత్రమే ఆగేలా చేయండి. 125 శాతం టెస్టు కోసం పెంచిన సెట్టింగును తిరిగి దించారో లేదో కూడా చూసుకోండి.

స్లిప్ రింగ్ మోటారు? ఉన్నది నడుస్తుంటే నడపండి, కొత్తగా కొనొద్దు.

లారీల్లోకి బండిళ్లు ఎక్కించడమే పనైతే టూ స్పీడ్ చాలు. జాబ్‌లు కూర్చోబెట్టే పనైతే నేను వీఎఫ్‌డీయే అంటాను, బ్రేకు సెట్ చేయగలిగినవాడు దొరికితేనే. అది తెలియాలంటే డెలివరీ రోజున ఫుల్ లోడును అడుగెత్తు లేపించి ఆపించండి. పక్కన స్కేలు నిలబెట్టి, స్లోలో అప్ నొక్కించి, లోడు ముందు ఎటు కదులుతుందో చూడండి.