స్ప్రెడ్‌లో ఎంత పెట్టాలి: ఫుల్ కెల్లీయా, పావు కెల్లీయా?

ఆప్షన్లలో 10 పాయింట్ల వెడల్పున్న క్రెడిట్ స్ప్రెడ్ అమ్మితే 3 పాయింట్లు ప్రీమియం వచ్చిందనుకుందాం. గరిష్ఠ నష్టం 7. ఖాతాలో ఎంత వంతు రిస్క్ పెట్టాలో చెప్పే కెల్లీ లెక్కలో పందెం అంటే ఆ 7, మార్జిన్ కాదు. గెలుపు అవకాశం p 75% అని మన అంచనా, b అంటే పందెంతో పోలిస్తే వచ్చే లాభం. లెక్క సులభంగా ఉండేందుకు మధ్యలో ఆగే ఫలితాలను వదిలేద్దాం.

```
f = p - (1-p)/b
b = 3/7
f = 0.75 - 0.25/0.4286 = 0.167
```

అంటే ఫుల్ కెల్లీ ప్రకారం ఖాతాలో 16.7% రిస్క్. పావు కెల్లీలో అది 4.2% మాత్రమే.

వరుసగా మూడు ట్రేడ్లు పూర్తి నష్టంలో ముగిస్తే ఫుల్ కెల్లీ ఖాతా దాదాపు 42% కరుగుతుంది, పావు కెల్లీది 12%. అంచనా నిజమైతే పావు కెల్లీ వృద్ధి ఫుల్‌లో సగం కూడా ఉండదు, ఆ మాట దాచను. సగం కెల్లీకి మాత్రం దాదాపు ముప్పావు వంతు వృద్ధి దక్కుతుంది.

అసలు టెన్షన్ ఆ 75% దగ్గరే. నిజమైన అవకాశం 70% అయితే ఇదే ఫార్ములా సరిగ్గా సున్నా ఇస్తుంది, అంటే ట్రేడే వద్దని. ఐదు శాతం పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. అప్పుడు ఫుల్ కెల్లీ పెట్టినవారి ఖాతా వేగంగా తరుగుతుంది, పావు పెట్టినవారికి తప్పు గమనించే సమయం మిగులుతుంది. నేనైతే పావుతోనే ఉంటాను. ఒకే దిశలో నాలుగు స్ప్రెడ్లుంటే ఆ 4.2% నాలుగింటికీ కలిపే.