చదివి వినిపించాలా, మళ్లీ మళ్లీ చదివించాలా?

డిస్లెక్సియా ఉన్న పిల్లలకు పేరా అర్థం కాకపోతే ఈ రెండిట్లో ఏది మేలని టీచర్లు అడుగుతుంటారు. ముందు ఒక చిన్న పరీక్ష పెట్టాలి. పిల్లాడి చేత పేరా చదివించి ప్రశ్నలడగండి. ఇంకో రోజు అంతే కష్టమున్న వేరే పేరా మీరే చదివి వినిపించి అడగండి. విన్నప్పుడు బాగా చెప్పి, చదివినప్పుడు తడబడితే లోపం అర్థం చేసుకోవడంలో లేదు, అక్షరాన్ని మాటగా కూర్చుకోవడంలో ఉంది. రెండుసార్లూ చెప్పలేకపోతే మాటల పరిచయమే తక్కువని. అప్పుడు కథలు చెప్పడం, మాట్లాడించడం ముందు జరగాలి.

చంద్రగిరి దగ్గర బడిలో నాలుగో తరగతి పిల్లాడికి కోట మీద పేరా ఇచ్చాం. అందులో 'శత్రువులెక్కలేనంత ఎత్తైన కొండ' అని ఉంది. వాడు 'త్రు' దగ్గర ఆగి, కూడబలుక్కుని, 'శత్రువు... లెక్కలేనంత' అని విరిచాడు. కొండ గురించి అడిగితే, "శత్రువులు చానామంది ఉన్నారు సార్" అన్నాడు. విరిచిన చోటు తప్పింది గానీ, చదివిన దానికి అర్థం సరిగ్గానే చెప్పాడు! పైగా మన వాక్యంలో క్రియ చివర్న వస్తుంది. నెమ్మదిగా చదివే పిల్లాడు అక్కడికి చేరేసరికి మొదలు మరిచిపోతాడు.

సైన్సు, సోషల్ పీరియడ్‌లో అయితే నా ఓటు చదివి వినిపించడానికే. అక్కడ కావాల్సింది విషయం. పక్కన కూర్చున్న పిల్ల చదువుతుంటే వీడు వేలితో వరుస వెంట పోవాలి, జవాబు నోటితో చెప్పాలి. కానీ ఏడాదంతా ఇదే చేస్తే చదవడం మాత్రం రాదు.

తెలుగు పీరియడ్‌లో మళ్లీ చదివించడమే మేలు, పద్ధతిగా చేస్తేనే. యాభై అరవై మాటల పేరా చాలు. కష్టమైన మాటలు ముందే బోర్డు మీద విడదీయాలి: శత్రువులు + ఎక్కలేనంత. టీచరు ఒకసారి చదివి చూపి, తర్వాత పిల్లాడి చేత మూడు నాలుగుసార్లు చదివించాలి. తప్పు చదవగానే అక్కడే సరైన మాట అందించాలి, లేకుంటే ఆ తప్పే బలపడుతుంది. ప్రతిసారీ ఒక కొత్త ప్రశ్న అడగాలి. లేకపోతే వేగం పెరుగుతుంది, బుర్రలోకి ఏమీ పోదు. నాలుగోసారికీ అవే ఒత్తుల దగ్గర ఆగుతుంటే పేరా పక్కనపెట్టి, ఆ ఒత్తులనే విడిగా నేర్పాలి. ఒక పేరాలో వచ్చిన వేగం, అవే మాటలు లేని ఇంకో పేరాలో అంతగా కనిపించదు. అందుకే తర్వాతి పేరాలో పాత మాటలు కొన్ని మళ్లీ రావాలి.

ఈ రెండూ కాక, పేజీ మీద అక్షరాలు కనిపించేంత పలచని రంగు కాగితాలు పెట్టి చదివించమనేవాళ్లున్నారు. వాటికి గట్టి ఆధారం లేదు, డబ్బు దండగ. వరుసగా లేపి అందరి ముందూ చదివించడమైతే మానేయాల్సిందే. తన వంతు ఎప్పుడొస్తుందోనన్న భయంలో వాడు ఆ పీరియడంతా ఏమీ వినడు.