గడువు దాటించే సహోద్యోగికి ఎత్తిపొడుపు లేకుండా జవాబు: చాలాకాలం వాడాక నా సమీక్ష

మాది అకౌంట్స్ పని. నెలనెలా 11వ తేదీలోపు, అంతకుముందు నెల అమ్మకాల వివరాలు చూపే జీఎస్టీ రిటర్న్ జీఎస్టీఆర్-1 వేయాలి, దానికి బ్రాంచీల నుంచి సేల్స్ బిల్లులు రావాలి. ఒక బ్రాంచీలో ఒకాయన ప్రతి నెలా గడువు దాటించేవారు. ఆయనకి రాసే జవాబుల్లో ఎత్తిపొడుపు మాటలు ఏరేసి తిరగరాయడం నాకు అలవాటై చాలాకాలమైంది. బాగా పనిచేస్తుంది, కానీ అన్నిచోట్లా కాదు.

కోపంలో వచ్చే చిత్తు ఇలా ఉంటుంది: "సార్, ఇదివరకే మెయిల్ పెట్టాను, మీరు చూసినట్టు లేరు. మీకు తీరిక ఉండదని తెలుసు. వీలైనప్పుడు బిల్లులు పంపితే సంతోషం." తిట్టు ఒక్కటీ లేదు, అయినా ప్రతి వాక్యం గుచ్చుకుంటుంది. పైగా ఏ తేదీకి ఏం కావాలో ఎక్కడా లేదు, "వీలైనప్పుడు" అన్న ఒక్క మాటతో మన గడువుని మనమే ఎత్తేసినట్టయింది.

అందుకని ఆయన మనసు గురించి నేను ఊహించి రాసిన ప్రతి ముక్కా కొట్టేస్తాను. చూడలేదేమో, పట్టించుకోరేమో, తీరిక లేదేమో, ఇవన్నీ పోతాయి. మిగిలినదానికి తేదీ, కారణం, ఒక ప్రశ్న చేరుస్తాను: "సార్, ఈ నెల బిల్లులు 9వ తేదీ సాయంత్రం 5 లోపు కావాలి, సరిచూసుకోడానికి 10వ తేదీ ఒక్కటే ఉంటుంది. పోయిన నెల 12న వచ్చినవి ఆ నెల రిటర్న్‌లో ఎక్కలేదు, మన కస్టమర్లకి 14న తయారయ్యే 2బీలో కనిపించక వాళ్ల ఇన్‌పుట్ క్రెడిట్ ఒక నెల వెనక్కి పోయింది. మీ దగ్గర ఎక్కడ ఆగుతోంది? అన్నీ కాకపోయినా రెడీగా ఉన్నవి ముందు పంపండి." 2బీ అంటే కొన్నవాళ్లు కట్టిన పన్నులో ఎంత క్రెడిట్‌గా వాడుకోవచ్చో చూపే జీఎస్టీ పట్టిక.

పోయిన నెల సంగతి తీసేయకూడదని నా గట్టి అభిప్రాయం. మర్యాద పేరుతో అది కూడా తుడిచేస్తే ఆలస్యం వల్ల ఎవరికి నష్టమో అవతలివాళ్లకి తెలియదు. తేదీతో చెప్పిన జరిగిన విషయం వేరు, "ఎప్పుడూ ఇంతే కదా" అనడం వేరు.

తిరగరాసింది కుదిరిందో లేదో వచ్చిన జవాబే చెబుతుంది. "సారీ అండీ, ఇక్కడ పని ఎక్కువ" అని సంజాయిషీ వస్తే ఎక్కడో ముల్లు మిగిలిందని అర్థం. తేదీయో, అడ్డంకో వస్తే కుదిరినట్టే. ఆ బ్రాంచీ ఆయన నుంచి అడ్డంకే జవాబుగా వచ్చింది: గోడౌన్ వాళ్లు డెలివరీ చలాన్లు నెలాఖరు దాటాక గానీ ఇవ్వడం లేదట, అవి లేకుండా ఆయన బిల్లు కొట్టలేరు. ఎన్ని మెయిళ్లు పెట్టినా బయటపడని సంగతి ఇది, ఆ ఒక్క ప్రశ్నకి బయటపడింది. చలాన్లు వారం వారం ఇచ్చే ఏర్పాటు చేశాక బిల్లులు టైముకి వస్తున్నాయి.

ఇంకో బ్రాంచీలో మాత్రం ఇది పారలేదు. ఆవిడ ప్రతిసారీ తేదీ చెప్పేవారు, ఆ తేదీ కూడా దాటేది. అలాంటప్పుడు మాటలు ఇంకా నునుపు చేసి లాభం లేదు. మేనేజర్‌ని చడీచప్పుడు లేకుండా సీసీలో పెట్టడమూ ఎత్తిపొడుపే, అందుకే మెయిల్లోనే రాసేశాను: "మేడమ్, 9వ తేదీ దాటితే 10న పొద్దున మేనేజర్ గారికి చెప్పి, ఉన్న బిల్లులతోనే రిటర్న్ వేస్తాను." 10న అలాగే చేశాను.