చారల టోపీలో ఆ మెట్టు: కొన్నేళ్ళు అల్లాక నా సమీక్ష

గుండ్రంగా అల్లే చారల్లో రంగు మారే చోట వచ్చే మెట్టును దాచడానికి మూడు పద్ధతులు చాలాకాలంగా వాడుతున్నాను. టోపీలు, మేజోళ్ళు, పిల్లల స్వెట్టర్లు అన్నింటి మీదా వాడి చూశాను. మూడింట్లో ఒకటే నా చేతికి అలవాటుగా మిగిలింది. ఇంకొకటి ఒక్క పనికే తీస్తాను. మిగిలినదాన్ని దాదాపు వదిలేశాను.

ముందు ఆ మెట్టు ఎందుకొస్తుందో చూద్దాం. రెండు కొసలనూ తీగతో కలిపిన సర్క్యులర్ సూది మీద మనం అల్లేది ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉంగరాలు కాదు, స్ప్రింగులా పైకి తిరుగుతూ పోయే ఒకే ఒక్క వరుస. చుట్టు పూర్తయ్యేసరికి చివరి కుట్టు, మొదటి కుట్టు పక్కన కాకుండా ఒక వరుస పైన ఉంటుంది. ఒకే రంగైతే ఎవరి కంటా పడదు. రంగు మార్చామంటే, చుట్టు మొదలుకు గుర్తుగా సూదికి తగిలించుకునే మార్కర్‌కు ఒక పక్క పాత రంగు, రెండో పక్క అదే ఎత్తులో కొత్త రంగు నిలబడతాయి. నా అల్లికలో పది సెంటీమీటర్లకు ముప్పై వరుసలు పడతాయి కాబట్టి ఆ మెట్టు మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. చెప్పుకుంటే చిన్నదే. కానీ ముదురు నీలం, తెలుపు చారల మీద అది చార విరిగినట్టే కనిపిస్తుంది, అదీ చార చారకూ ఒకే నిలువు గీతలో.

"మెట్టున్న వైపు వెనక్కి వచ్చేలా పెట్టుకుంటే సరిపోదటే?" అంటుంది మా అత్తయ్య. టోపీకైతే సరిపోతుంది. టోపీ పెట్టుకున్న పిల్లలు దాన్ని తిప్పకుండా ఉంచుకుంటేనే సుమా.

నేను వదిలేసినది, కింది కుట్టును పైకి ఎత్తే పద్ధతి. కొత్త రంగుతో ఒక చుట్టు పూర్తిగా అల్లి, రెండో చుట్టు మొదట్లో, మొదటి కుట్టు కిందున్న పాత రంగు కుట్టు కుడి కాలును, అంటే ఆ ఉచ్చు కుడి పక్క పోగును, ఎడమ సూది మీదికి ఎత్తి, ఆ రెండింటినీ కలిపి ఒకటిగా అల్లాలి. పాత రంగు ఒక వరుస పైకి వచ్చి మెట్టును మూసేస్తుంది. మెత్తటి ఊలులో బాగానే కుదురుతుంది. నేను ఎక్కువగా వాడే అక్రిలిక్‌లో మాత్రం ఆ చోట రెండు పోగులు ఇరుక్కుని చిన్న గడ్డలా తగులుతుంది. మేజోడు మడమ దగ్గర ఆ గడ్డను కాలు ఊరికే వదలదు. సన్నని నూలుతో సమానంగా, జాగ్రత్తగా అల్లేవాళ్ళకు నచ్చుతుందేమో, నాకు నచ్చలేదు.

రెండోది జారవేత. నా చేతిలో నిలిచింది ఇదే, అందుకే దీని గురించే ఎక్కువ చెబుతాను. కొత్త రంగుతో మొదటి చుట్టు మామూలుగా అల్లాలి. రెండో చుట్టు మొదటి కుట్టును అల్లకుండా కుడి సూది మీదికి జరపాలి. సూదిని పర్ల్ అనే ఉల్టా కుట్టు వేసేటప్పుడు దూర్చినట్టే దూర్చాలి, నూలు వెనకే ఉండాలి. నిట్ అనే మామూలు కుట్టు వేసినట్టు దూర్చితే కుట్టు మెలిపడుతుంది, దగ్గరగా చూస్తే ఆ ఒక్క కుట్టు కాళ్ళు అడ్డంగా పడి కనబడతాయి. జరిపిన కుట్టు రెండు వరుసల ఎత్తుకు సాగుతుంది, కిందున్న పాత రంగు కుట్టునూ కొంచెం పైకి లాగుతుంది. మెట్టు పూర్తిగా మాయమవదు, సగానికి సగం సర్దుకుంటుంది. ఆ మిగిలిన సగాన్ని వెతికి చూసేవాళ్ళు అల్లేవాళ్ళే.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. తొంభై ఆరు కుట్ల టోపీ తీసుకుందాం. నాలుగు మిల్లీమీటర్ల సూది, పది సెంటీమీటర్లకు ఇరవై రెండు కుట్లు, రెండేసి చుట్ల చారలు. మార్కర్‌ను కదపకుండా ప్రతి చారకూ మొదటి కుట్టు జరిపామంటే, మార్కర్ పక్కనున్న ఆ ఒక్క నిలువు వరుసలో ప్రతి రెండు చుట్లకూ ఒకే కుట్టు పడుతుంది. పది చారలు పూర్తయ్యేసరికి మిగతా తొంభై అయిదు నిలువు వరుసల్లోనూ ఇరవై కుట్లుంటే దీంట్లో పదే ఉంటాయి. ఆరున్నర సెంటీమీటర్ల ఎత్తును పది కుట్లు మోయాలి. అవి సాగగలిగినంత సాగి, ఆపైన బట్టను పట్టి దగ్గరికి లాగుతాయి. ఫలితం, మెట్టు పోయి దాని స్థానంలో ముడతపడిన నిలువు గీత. టోపీని బల్ల మీద పరిస్తే అంచు ఆ చోట పైకి లేచి కనిపిస్తుంది. పద్ధతి పని చేయలేదని అనుకునేవాళ్ళలో ఎక్కువమందికి జరిగేది ఇదే.

మందు చాలా సులువు. కుట్టు జరిపాక మార్కర్‌ను తీసి, ఆ జరిపిన కుట్టుకు ఎడమ పక్కన పెట్టాలి. అంటే చుట్టు మొదలు ఒక కుట్టు ఎడమకు జరిగింది, జరిపిన కుట్టు ఇప్పుడు చుట్టులో ఆఖరిది. చుట్టూ అల్లుకుంటూ వచ్చి చివర దాన్నీ అల్లేస్తాం. లెక్క చూడండి: మొదటి చుట్టులో తొంభై ఆరు, రెండో చుట్టులో జరిపింది పోను తొంభై అయిదు, చివర్లో అదే కుట్టు ఒకటి, మళ్ళీ తొంభై ఆరు. ఏ నిలువు వరుసలోనూ కుట్టు తగ్గలేదు. తర్వాతి రంగును ఈ కొత్త మొదలు నుంచి ఎత్తుకోవాలి. చార మారిన ప్రతిసారీ మార్కర్ ఒక కుట్టు ఎడమకు పోతుంది. పది చారలకు పది కుట్లు, అంటే నాలుగున్నర సెంటీమీటర్లు. ముడత రాదు, సర్దుబాటు చేసిన కుట్లు ఒకదాని మీద ఒకటి పేరుకోకుండా ఏటవాలుగా చెదిరిపోతాయి, కంటికి గీత దొరకదు. నాలుగు చుట్లో, అంతకంటే ఎక్కువో ఉన్న వెడల్పు చారలకైతే మార్కర్ కదపకపోయినా నడుస్తుంది, ఎందుకంటే నాలుగింట్లో ఒక కుట్టే తగ్గుతుంది. నేను మాత్రం వెడల్పు చారలకూ కదుపుతాను, రెండు రకాలుగా గుర్తుపెట్టుకోవడం నావల్ల కాదు.

మార్కర్ కదిలితే పైన కుట్లు తగ్గించేటప్పుడు ఇబ్బంది కాదా అని అడుగుతుంటారు. సాదా టోపీకి కాదు. మార్కర్ ఎక్కడికి చేరితే అక్కడి నుంచే పన్నెండేసి కుట్ల చొప్పున ఎనిమిది భాగాలు చేసుకుంటే సరి. చెవుల మీదికి దిగే ముక్కలున్న టోపీకి, స్వెట్టర్‌కు మాత్రం ఆలోచించాలి. అక్కడ పక్కల స్థానం మారకూడదు కాబట్టి వేరే రంగు మార్కర్ ఒకటి మొదట్లోనే పెట్టి దాన్ని కదపను. కదిలేది రెండోది ఒక్కటే. తగ్గింపులన్నీ కదలని మార్కర్ నుంచే లెక్కపెడతాను.

ఇంకో విషయం, కొత్త రంగు మొదటి కుట్టు వదులుగా కనిపిస్తే చెయ్యి దానంతటదే నూలు లాగుతుంది. లాగకూడదు. ఆ వదులే సాగే కుట్టుకు కావలసిన నూలు. ఆ వదులు లేకపోతే జరిపిన కుట్టు పక్క కుట్ల నుంచి నూలు లాక్కుని చిన్న రంధ్రం చేస్తుంది. చార అయ్యాక పాత రంగును లోపలి వైపు పైకి తెచ్చేటప్పుడూ ఇంతే. బట్టను వేళ్ళతో చాపి, ఆ పోగు బిగిసి ఉందేమో చూసుకుని అల్లాలి. నాలుగు చుట్ల దాకా నూలు తెంపకుండా పైకి తెస్తాను. ఆరు చుట్ల చారైతే మధ్యలో ఒకసారి రెండు నూళ్ళనూ మార్కర్ దగ్గర ఒకదాని మీదుగా ఒకటి దాటిస్తాను, పోగు వేలాడదు. మేజోళ్ళలో పొడవాటి పోగు కాలివేళ్ళకు తగులుకుంటుంది కాబట్టి అక్కడ తెంపి కొసలు కుట్టేయడమే మేలు.

నిట్, పర్ల్ కుట్లు మార్చి మార్చి వేసే రిబ్‌లో చారలు వేస్తే కొత్త రంగు మొదటి చుట్టు అంతా నిట్ చేస్తాను. పర్ల్ కుట్ల దగ్గర పాత రంగు చుక్కలు చుక్కలుగా పైకి రాకుండా ఉండేది అందుకే.

మూడోది ఒకే చుట్టు చారల కోసం. జారవేతకు అదే రంగుతో రెండో చుట్టు కావాలి. ఒక్కో చుట్టుకీ రంగు మారితే ఆ రెండో చుట్టే ఉండదు. అక్కడ స్ప్రింగు తత్వాన్నే వాడుకోవాలి: రెండు నూళ్ళూ ఒకదాని వెనక ఒకటి తిరుగుతూ రెండు స్ప్రింగులుగా పోతాయి. ముందు ఎరుపుతో ఒక చుట్టు అల్లి మార్కర్ దగ్గర నూలు వదిలేయాలి. అక్కడే తెలుపు అందుకుని, మళ్ళీ ఎరుపు నూలు వేలాడే చోటుకు మూడు కుట్లు ముందు ఆగాలి. ఆ మూడింటినీ అల్లకుండా జరిపి, ఎరుపును అందుకుని, తెలుపు నూలుకు మూడు కుట్లు ముందు వరకూ అల్లాలి. మళ్ళీ మూడు జరిపి తెలుపును అందుకోవాలి. ఇలా ఒకదాన్ని ఒకటి తరుముతూ పోవడమే. నూళ్ళను ఒకదానితో ఒకటి మెలిపెట్టకూడదు. ఈ పద్ధతిలో మొత్తం మెలకువ ఇదొక్కటే. మెలిపెట్టారంటే బట్ట లోపల తాడు పేనుకుంటుంది, బయట బిగుతు గీత పడుతుంది. మూడు కుట్లు ముందు ఆగడం వల్ల రంగు మారే చోటు కుడికి జరుగుతూ పోతుంది, బిగుతు ఒకే గీతలో చేరదు.

చారలున్నంత మేరా మెట్టనేదే ఉండదు, పాతదీ కొత్తదీ పక్కపక్కనే నడుస్తాయి. కానీ రెండు స్ప్రింగులూ మొదలైన చోట, ఆగిన చోట ఒక్కో మెట్టు మిగులుతుంది. కిందిది అంచు పట్టీ దగ్గర పడుతుంది కాబట్టి పెద్దగా తెలియదు. పైది టోపీ గుండ్రం తిరిగే చోట ఒకే రంగుకు మారినప్పుడు కనపడుతుంది. అక్కడ ఆ ఒక్క రంగుతో రెండో చుట్టు వస్తుంది కాబట్టి జారవేత వేసేస్తాను. రెండు నూళ్ళూ ఒకే మందంలో ఉండాలి, లేకపోతే చారల ఎత్తు తేడాగా వస్తుంది. మూడు రంగులు కావాలంటే మూడు నూళ్ళూ తిరగాలి. టీవీ చూస్తూ అల్లే పని కాదది, ఏ నూలు వంతో మరచిపోతే వెనక్కి విప్పడం నరకం.

ఆఖరికి ఉతుకు. స్వచ్ఛమైన ఊలు టోపీని గోరువెచ్చని నీళ్ళలో కాసేపు నానబెట్టి, తువ్వాలులో ఒత్తి, ఆకారంలో సర్ది ఆరబెడితే జరిపిన కుట్లు పక్కవాటితో నూలు పంచుకుని సర్దుకుంటాయి. సూది మీద ఉన్నప్పుడు కనపడ్డ సగం మెట్టు అప్పటికి ఇంకా తగ్గుతుంది. అక్రిలిక్ అలా సర్దుకోదు. ఆవిరి పడితే సర్దుకున్నట్టే ఉంటుంది గానీ వేడి ఎక్కువైతే బట్ట ప్రాణం పోయి జీవం లేకుండా వేలాడుతుంది, అది మళ్ళీ రాదు. అందుకే అక్రిలిక్ టోపీకి రంగు మార్చిన ప్రతిచోటా సూది కొసతో ఆ కుట్టు చుట్టూ ఉన్న నాలుగైదు కాళ్ళను కొద్దికొద్దిగా లాగి వదులు పంచుతాను. పత్తి నూలుకూ ఇదే. నలుపు మీద తెలుపు లాంటి జోడీ, దానిమీద పత్తి నూలు అయితే ఏ పద్ధతిలోనూ పూర్తి మార్కులు రావు. ఆ జోడీకి నేను మార్కర్‌ను చంక కిందికో, మేజోడులో కాలి లోపలి వైపుకో వచ్చేలా మొదట్లోనే పెట్టుకుని, జారవేత వేసుకుని ఊరుకుంటాను.